ఆర్డర్ పేజీ రావడం లేదు: డెవలపర్‌కు ఏమని రాయాలి?

"సైటు పనిచేయడం లేదండీ, అర్జెంటుగా చూడండి." సొంత వెబ్‌సైటున్న చిన్న దుకాణాల వాళ్లు డెవలపర్‌కు పంపే మెయిల్ చాలాసార్లు ఇంతే ఉంటుంది. అవతల డెవలపర్ సైటు తెరుస్తాడు. మొదటి పేజీ చక్కగా వస్తుంది. "నా దగ్గర బాగానే ఉందండీ" అని జవాబిస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఆర్డర్లు మాత్రం ఆగిపోయే ఉంటాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. డిసెంబరులో సైటుకు కొత్త రూపం ఇచ్చారు. పాత ఆర్డర్ పేజీ చిరునామా చివర /order.html అని ఉండేది, కొత్తదానికి /order/ అయింది. మొదటి పేజీలోని బటన్‌ను కొత్త చిరునామాకు కలిపారు కాబట్టి అక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ఇబ్బంది లేదు. కానీ అట్టపెట్టెల మీద అచ్చువేయించిన క్యూఆర్ కోడ్‌లో ఉన్నది పాత చిరునామా. నిరుడు వాట్సాప్‌లో పంపిన లింకులోనూ అదే. సంక్రాంతికి మళ్లీ తెప్పించుకుందామని హైదరాబాద్‌లో ఎవరో పెట్టె మీది కోడ్ స్కాన్ చేస్తే 404 అని వస్తుంది.

ఆ అంకెకు కచ్చితమైన అర్థముంది: సర్వర్ పలికింది, అడిగిన పేజీ మాత్రం ఆ చిరునామాలో లేదు. 500 అని వస్తే సర్వర్ లోపలే ఏదో తప్పింది. DNS_PROBE_FINISHED_NXDOMAIN అని వస్తే బ్రౌజర్‌కు ఆ సైటు పేరే దొరకలేదన్నమాట. పేరు తప్పుగా కొట్టారేమో, డొమైన్ గడువు తీరిందేమో ముందు చూసుకోవాలి. పేజీ తెరుచుకుని, వివరాలు నింపాక ఆర్డర్ వెళ్లకపోతే అది లింకు సమస్యే కాదు. ఇన్ని రకాల తప్పులకూ "పనిచేయడం లేదు" అన్న ఒక్క మాటే వాడితే డెవలపర్ ఎక్కడని వెతుకుతాడు? అందుకే తెర మీద కనిపించిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాయాలంటాను.

ఈ దుకాణం యజమాని రాయాల్సిన మెయిల్ ఇలా ఉంటే చాలు:

విషయం: పాత ఆర్డర్ లింకు తెరిస్తే 404 వస్తోంది

నమస్తే అండీ,

పెట్టెల మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆర్డర్ పేజీ రావడం లేదు. తెరుచుకునే చిరునామా ఇది:

```
https://www.example.com/order.html
```

తెర మీద 404 Not Found అని వస్తోంది. ఫొటో జత చేశాను. మా ఫోన్లో మొబైల్ డేటాతోనూ, షాపులోని కంప్యూటర్లోనూ చూశాను, రెండింట్లోనూ ఇంతే. మొదటి పేజీలోని "ఆర్డర్ చేయండి" బటన్ నొక్కితే మాత్రం పేజీ వస్తోంది. కొత్త డిజైన్ పెట్టాకే కస్టమర్లు ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టారు.

పెట్టెలు ఇప్పటికే అచ్చయి ఉన్నాయి, కోడ్ మార్చలేను. పాత చిరునామా తెరిచినవాళ్లు నేరుగా కొత్త ఆర్డర్ పేజీకి చేరేలా చేయగలరా? పండగ ఆర్డర్లు వచ్చే రోజులు. ఎప్పటికి అవుతుందో చెబితే ఆలోగా ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటాను.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది పెట్టెల సంగతి. అది రాయకపోతే డెవలపర్ బటన్ సరిగ్గా ఉందో లేదో చూసి ఊరుకోవచ్చు. అది తెలిస్తే, పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి మళ్లించాలని వెంటనే అర్థమవుతుంది. దీన్నే 301 రీడైరెక్ట్ అంటారు. అపాచీ సర్వర్ అయితే, .htaccess ఫైలు వాడే వీలుంటే, అందులో ఒక్క వరుస చాలు:

```
Redirect 301 /order.html /order/
```

చిరునామాను ఫొటోలో వదిలేయకుండా అక్షరాల్లోనూ ఇవ్వాలి. ఫోన్ బ్రౌజర్ చిరునామాలో కొంత భాగాన్ని దాచేస్తుంది. పైన ఉన్న పట్టీ మీద నొక్కి, మొత్తం కాపీ చేసి అతికించాలి. చాలా సర్వర్లకు Order వేరు, order వేరు. చేత్తో టైపు చేస్తే అసలు తప్పే మెయిల్లో కనిపించకుండా పోవచ్చు. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం మెయిల్లో రాయొద్దు, ఈ పనికి దాని అవసరమే లేదు.

"అయిపోయిందండీ" అని జవాబు వచ్చాక పెట్టె మీది కోడ్‌నే మళ్లీ స్కాన్ చేసి చూడాలి, అది కూడా ప్రైవేట్ విండోలో. మామూలు విండోలో బ్రౌజర్ దాచుకున్న పాత సమాచారమే చూపించవచ్చు. కొందరు డెవలపర్లు దొరకని చిరునామాలన్నిటినీ మొదటి పేజీకి మళ్లించేస్తారు. అప్పుడు 404 కనిపించదు, కానీ పూతరేకుల కోసం వచ్చిన మనిషి ఆర్డర్ పేజీని మళ్లీ వెతుక్కోవాలి. దాన్ని ఒప్పుకోనక్కర్లేదు, ఆర్డర్ పేజీకే చేర్చమని అదే మెయిల్‌కు జవాబుగా అడగొచ్చు. పేజీ వచ్చాక ఒక చిన్న ఆర్డర్ పెట్టి, ఆ ఆర్డర్ కబురు దుకాణానికి చేరిందో లేదో కూడా చూసుకోవాలి.