95 శాతం అన్న వాక్యం తీసేశాక

స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ పూర్తిచేసిన మా విద్యార్థిని ఒకమ్మాయి తన కవర్ లెటర్ చూడమని తెచ్చింది. దుకాణాలకు కూరగాయలు సరఫరా చేసే కంపెనీలో జూనియర్ డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు అది. ఉద్యోగానుభవం లేదు కాబట్టి చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఒక్కటే. నలుగురు కలిసి దగ్గర్లోని మార్కెట్ యార్డులో టమాటా ధరల్ని అంచనా వేశారు. లెటర్‌లో దానికి దక్కింది ఒకే వాక్యం: "పైథాన్ వాడి టమాటా ధరలను 95 శాతం ఖచ్చితత్వంతో అంచనా వేశాం." మిగతా పేజీ నిండా కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను అన్న మాటలే.

డేటాతో రోజూ పనిచేసేవాళ్లు ఆ 95 దగ్గరే ఆగిపోతారు. ధర అంచనాను పాసూ ఫెయిలూ అని లెక్కపెట్టలేం. అసలు ధరకూ అంచనాకూ ఎంత తేడా వచ్చిందన్నదే కొలత. అదే అడిగాను. వారం తర్వాతి ధరతో పోలిస్తే సగటున 5 శాతం తేడా వచ్చిందట. వందలోంచి అది తీసేసి 95 అని రాశారు. టమాటా ధర వారం ముందే అంత దగ్గరగా తెలిసిపోయేదైతే, రైతు కోసిన పంటను రోడ్డు పక్కన పారబోసే రోజులే ఉండవు.

"పరీక్షించడానికి ఏ రోజుల్ని పక్కన పెట్టారమ్మా?"

"ర్యాండమ్‌గా 20 శాతం రోజులు తీశాం సార్."

పొరపాటు అక్కడుంది. బుధవారం ధరను దాచిపెట్టి, మంగళవారం ధరా గురువారం ధరా మోడల్‌కి చూపించేశారు. ఆ రెంటి మధ్యలో ఏదో ఒక అంకె చెబితే చాలు, దాదాపు సరిపోతుంది. నిజంగా అంచనా వేసేటప్పుడు గురువారం ఇంకా రాదు కదా. కాలక్రమంలో నడిచే డేటాను ముందు భాగంతో నేర్పి, వెనక భాగంతో పరీక్షించాలి. కలగాపులగంగా తీయకూడదు.

ఆమె ఇంటికెళ్లి మళ్లీ చేసింది. 2022 జనవరి నుంచి 2023 జూన్ దాకా ఉన్న ధరలతో నేర్పి, తర్వాతి ఆరు నెలలతో పరీక్షించింది. ఆ జులైలోనే దేశమంతా టమాటా కిలో వంద రూపాయలు దాటింది. తేడా 5 నుంచి 23 శాతానికి పెరిగింది. ఇంకో పని కూడా చేయమన్నాను. ఏ మోడలూ లేకుండా, ఈ రోజు ధరే వచ్చే వారం కూడా ఉంటుందనుకుంటే తేడా ఎంత? 21 శాతం. అంటే ఆరు నెలలు కష్టపడి కట్టిన మోడల్ కన్నా ఆ మొరటు లెక్కే నయం.

"ఇది రాస్తే ఉద్యోగం ఎవరిస్తారు సార్?" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

ఇదే రాయమన్నాను. జూనియర్ అనలిస్ట్‌కి మొదటి రోజుల్లో కొత్త మోడళ్లు కట్టే పని చాలా అరుదు. రిపోర్టు మేనేజర్ చేతికి వెళ్లకముందే అందులో తప్పు అంకెను పట్టుకోవడమే ఎక్కువ. ఆ పని చేయగలనని చెప్పడానికి ఆమె దగ్గర ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. లెటర్ ఇంగ్లీషులోనే రాసింది. ప్రాజెక్టు పేరా తెలుగులో ఇలా ఉంటుంది:

"నలుగురం చేసిన ఈ ప్రాజెక్టులో ధరల్ని శుభ్రం చేయడం, ఫలితాల్ని పరీక్షించడం నా వంతు. మార్కెట్ సెలవు రోజుల్లో ధర సున్నా అని నమోదై ఉంటే వాటిని ఖాళీలుగా మార్చాను. మొదట మాకు సగటున 5 శాతం తేడా వచ్చింది. పరీక్ష రోజుల్ని ర్యాండమ్‌గా తీయడం వల్లే అంత తక్కువ వచ్చిందని తర్వాత గుర్తించి, కాలక్రమంలో మళ్లీ పరీక్షించాను. తేడా 23 శాతానికి పెరిగింది. ఈ రోజు ధరనే వచ్చే వారానికీ వాడితే తేడా 21 శాతమే. మేం నేర్పిన కాలంలో 2023 జులై లాంటి పెరుగుదల లేకపోవడం ఒక కారణమని అనుకుంటున్నాను."

"తర్వాత గుర్తించి" దగ్గర ఆమె ఆగింది. "మీరు అడిగాకే కదా సార్ తెలిసింది?" అంది. నిజమే. "మా అధ్యాపకులు అడిగిన ప్రశ్నతో గుర్తించి" అని దిద్దుకుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా తరచి అడిగితే తడబడకుండా నిలబడేది ఆ మాటే.

కష్టపడతానన్న వాక్యాలన్నీ కొట్టేసింది. వాటి చోట కంపెనీ ప్రకటనలోంచి ఒక్క పని తీసుకుంది. ప్రతి వారం ఏ దుకాణానికి ఎంత సరుకు పంపాలో లెక్కగట్టే రిపోర్టు అది. దాని కింద రెండు వాక్యాలు చేర్చింది: "మా ప్రాజెక్టులో ధరలే తీసుకున్నాం, యార్డుకి ఏ రోజు ఎంత సరుకు వచ్చిందో తీసుకోలేదు. మళ్లీ చేస్తే అక్కడి నుంచే మొదలుపెడతాను."