నీడ సున్నా, కాలిక్యులేటర్‌లో ఎర్రర్

హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో ఒక మధ్యాహ్నం నీడలు మాయమవుతాయి. ఊరు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఉత్తరానికి కదులుతూ వచ్చే సూర్యుడు ఆ రోజు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. సమయం దాదాపు 12 గంటల 12 నిమిషాలు. అలాంటి ఒక మే నెలలో మా మేడ మీద మీటరు పొడవున్న పైపు ముక్కను నిటారుగా నిలబెట్టి, నేనూ మా అన్నయ్య కూతురూ నీడ కోసం కాచుకుని కూర్చున్నాం. నీడ కుంచించుకుపోతూ వచ్చి పైపు అడుగులోకి దూరిపోయింది.

అప్పుడే పదో తరగతి పూర్తి చేసిన పిల్ల. నీడ పొడవు కాట్ అని దానికి తెలుసు. కాట్ అంటే టాన్‌ను తిరగేయడమే అనీ తెలుసు. కాలిక్యులేటర్ తీసి టాన్ 90 నొక్కింది. ఎర్రర్ అని వచ్చింది.

"బాబాయ్, నీడేమో సున్నా అని కళ్లకు కనిపిస్తోంది. ఇదేమో లెక్కే లేదంటోంది. ఏది నిజం?"

నీడే నిజం. తప్పు ఎక్కడ దొర్లిందో తెలియాలంటే సెక్, కోసెక్, కాట్ అనే ముగ్గురి స్వభావం తెలియాలి. అందుకు ఈ పైపూ దాని నీడా చాలు.

పైపు నిలువుగా ఉంది, నీడ నేల మీద పరుచుకుంది. పైపు కొన నుంచి నీడ కొన దాకా ఒక దారం లాగి కట్టామనుకోండి. లంబకోణ త్రిభుజం తయారైంది. నీడ కొన దగ్గర నేలకూ దారానికీ మధ్య ఉన్న కోణమే సూర్యుడు దిగంతం నుంచి ఎంత ఎత్తుకు వచ్చాడో చెప్పే కోణం. దానికి ఎదుటి భుజం పైపు, ఆసన్న భుజం నీడ, కర్ణం దారం. ఇప్పుడు పైపు పొడవు 1 కాబట్టి నీడ పొడవు కాట్, దారం పొడవు కోసెక్. ఇదే పని మన పాత జ్యోతిర్గణితంలోనూ ఉంది. సూర్యసిద్ధాంతంలో 12 అంగుళాల శంకువును నిలబెట్టి లెక్కలు కడతారు. నీడ పేరు ఛాయ, మనం దారం కట్టిన చోటి పేరు ఛాయాకర్ణం. ఒకటి కాట్‌కు 12 రెట్లు, రెండోది కోసెక్‌కు 12 రెట్లు. కోసెక్ అనే మాట వినక ముందే మనవాళ్లకు ఆ పొడవుతో పనిపడిందన్నమాట.

కోసెక్‌ను ముందు చూద్దాం. అది సైన్‌కు వ్యుత్క్రమం, అంటే 1ని సైన్‌తో భాగిస్తే వచ్చేది. సూర్యుడు 90 డిగ్రీల మీద ఉన్నప్పుడు సైన్ 1, కోసెక్ కూడా 1. దారం పైపును ఆనుకుని నిటారుగా నిలుస్తుంది. 30 డిగ్రీల దగ్గర సైన్ సగానికి తగ్గుతుంది, దారం 2 మీటర్లవుతుంది. 10 డిగ్రీల దగ్గర 5.76 మీటర్లు, 1 డిగ్రీ దగ్గర 57.3 మీటర్లు. భాగించే అంకె చిన్నదయ్యే కొద్దీ జవాబు పెద్దదవుతుంది. సైన్ ఎప్పుడూ 1 దాటదు కాబట్టి కోసెక్ ఎప్పుడూ 1 కంటే కిందికి రాదు. పైపు కొన నుంచి నేలను తాకాల్సిన దారం పైపు కన్నా పొట్టిగా ఉండలేదు కదా!

దీన్ని కాగితం మీద గీయడానికి ఒక సులువు ఉంది. ముందు పెన్సిలుతో సన్నగా సైన్ అల గీయండి. అది అడ్డ అక్షాన్ని 0, 180, 360 డిగ్రీల దగ్గర కోస్తుంది. ఆ మూడు చోట్లా నిలువుగా చుక్కల గీతలు పెట్టండి. అక్కడ సైన్ సున్నా, సున్నాతో భాగించలేం, కాబట్టి ఆ గీతల మీద కోసెక్‌కు విలువే లేదు. 0కీ 180కీ మధ్య సైన్ గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట శిఖరం మీద ఒక దోసిలిని ఆనించినట్టుగా కోసెక్ కూర్చుంటుంది. దాని అడుగు 90 డిగ్రీల దగ్గర 1ని తాకుతుంది, రెండు అంచులూ చుక్కల గీతల పక్కన పైకి ఎగబాకుతాయి. 180 నుంచి 360 దాకా సైన్ రుణాత్మకం కాబట్టి దోసిలి బోర్లా పడుతుంది, దాని నెత్తి మైనస్ 1 దగ్గర ఆగుతుంది. 1కీ మైనస్ 1కీ మధ్య ఉన్న పట్టీలో గ్రాఫ్ అడుగుపెట్టదు.

ఆ చుక్కల గీతలనే అనంత స్పర్శరేఖలు అంటారు. గ్రాఫ్ వాటికి ఎంతైనా దగ్గరవుతుంది, తాకదు. తాకకపోవడం అంటే ఏమిటో నీడ దగ్గర బాగా తెలుస్తుంది. సాయంత్రం సూర్యుడు 1 డిగ్రీ ఎత్తులో ఉంటే మన పైపు నీడ లెక్క ప్రకారం 57.29 మీటర్లు. అర డిగ్రీకి దిగితే 114.59. పదో వంతు డిగ్రీకి దిగితే దాదాపు 573 మీటర్లు. కోణం సగమైతే నీడ రెట్టింపవుతోంది. అలా ఎన్నిసార్లయినా సగం చేయవచ్చు, నీడను ఎంతైనా సాగదీయవచ్చు. కోణం సరిగ్గా సున్నా అయిన క్షణాన మాత్రం కిరణం నేలకు సమాంతరంగా పోతుంది, నేలను ఎక్కడా తాకదు. అందుకే సున్నా దగ్గర నీడ పొడవు 'చాలా పెద్దది' అనకూడదు. అక్కడ నీడ కొన అనేదే లేదు.

పనిలో పనిగా దారాన్ని కూడా చూడండి. 1 డిగ్రీ దగ్గర నీడ 57 మీటర్లు దాటింది, దారం దానికన్నా ఎంత పొడవు? 9 మిల్లీమీటర్లు కూడా లేదు. అనంత స్పర్శరేఖ దగ్గరికి వచ్చేసరికి కాట్, కోసెక్ రెండూ దాదాపు ఒకే గీతగా కలిసి పైకి పోతాయి. అదే మధ్యాహ్నం అయితే ఒకటి 0, ఇంకొకటి 1.

అయితే మేడ మీద టేపు పట్టుకుని ఈ 57 మీటర్లను కొలవబోతే కుదరదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. బిళ్ల మధ్యభాగం 1 డిగ్రీ ఎత్తులో ఉంటే పై అంచు ఇచ్చే నీడ 46 మీటర్ల దగ్గర ముగుస్తుంది, కింది అంచుది 76 మీటర్ల దాకా పోతుంది. మధ్యలో 30 మీటర్ల మేర మసక. పైగా దిగంతం దగ్గర గాలి పొరలు కిరణాన్ని వంచి, సూర్యుణ్ణి అర డిగ్రీకి పైగా ఎత్తి చూపిస్తాయి. అనంత స్పర్శరేఖ దగ్గర కోణంలో రవ్వంత తేడా వచ్చినా జవాబు పదుల మీటర్లు మారిపోతుంది. మీ కొలతలో నీడ కొన ఎక్కడుందో ఇద్దరు ఒప్పుకోలేకపోతున్నారంటే ఆ గీతకు మరీ దగ్గరగా వచ్చేశారని అర్థం.

ఇక కాట్ గ్రాఫ్. నీడలు మాయమయ్యే రోజంతా ఆ గ్రాఫే. కోణాన్ని పొద్దున సూర్యుడు లేచిన వైపు నుంచే కొలుస్తూ పోదాం. ఉదయం నీడ పడమటి వైపు చాలా పొడవు. 45 డిగ్రీలకు పైపంత, అంటే 1 మీటరు. 60 డిగ్రీలకు 58 సెంటీమీటర్లు. 90కి సున్నా. అక్కడితో ఆగదు. 120 డిగ్రీల దగ్గర కాట్ మైనస్ 0.58. నీడకు రుణాత్మక పొడవేమిటి? పొడవు అదే, నీడ ఇటు తిరిగి తూర్పు వైపు పడిందని గుర్తు. 179 డిగ్రీలకు మైనస్ 57.29. 180కి అస్తమయం, మళ్లీ చుక్కల గీత. ఇలా కాట్ 0 నుంచి 180 దాకా ఎక్కడా లేవకుండా పై నుంచి కిందికి జారుతూనే ఉంటుంది. 180 దాటాక మొదటి భాగమే మళ్లీ మొదలవుతుంది. సూర్యుడు నేల కింద ఉన్న ఆ వేళకు సూత్రం అంకె ఇస్తుంది గాని నేల మీద నీడ ఉండదు.

కంప్యూటర్‌లో గ్రాఫ్ గీసేవారికి ఇక్కడే ఒక చిక్కు. 179 దగ్గర మైనస్ 57, 181 దగ్గర ప్లస్ 57. మధ్యలో ఏముందో చూడని ప్రోగ్రాం ఆ రెండు చుక్కలనూ కలిపి నిలువు గీత గీసేస్తుంది. అది గ్రాఫ్‌లో భాగం కాదు. జారుతూనే ఉండాల్సిన కాట్ హఠాత్తుగా పైకి లేచినట్టు కనిపిస్తే అది దొంగ గీత.

సెక్ మిగిలింది. దానికోసం కొత్త త్రిభుజం అక్కర్లేదు. అదే దారాన్ని తీసుకుని, కోణాన్ని మాత్రం నేల నుంచి కాకుండా నడినెత్తి నుంచి, అంటే పైపు కొన దగ్గర కొలవండి. ఇప్పుడు పైపు ఆసన్న భుజమైంది. దారం పొడవు 1ని కాస్‌తో భాగిస్తే వస్తుంది, అదే సెక్. నేల నుంచి 30 డిగ్రీలంటే నెత్తి నుంచి 60. కోసెక్ 30 అన్నా సెక్ 60 అన్నా అదే 2 మీటర్ల దారం. 'కో' అనే ముక్క చెప్పేది ఈ పూరక కోణం సంగతే. గ్రాఫ్ కూడా అవే దోసిళ్లు, 90 డిగ్రీలు పక్కకు జరిగి కూర్చుంటాయి. కాస్ సున్నా అయ్యే 90, 270 దగ్గర చుక్కల గీతలు పడతాయి. టాంజెంట్, సెకెంట్ అనే పేర్లు పెట్టింది డెన్మార్క్ గణితజ్ఞుడు థామస్ ఫింకే, 1583లో. వృత్తాన్ని తాకే గీత మొదటిది, కోసే గీత రెండోది.

పిల్లలు సెక్‌ను సైన్‌తో జత కట్టేస్తుంటారు, మొదటి అక్షరం కలిసింది కదా అని. గుర్తు ఒకటే: ప్రతి జతలోనూ 'కో' ఒక్కసారే రావాలి. సైన్–కోసెక్, కోసైన్–సెక్, టాన్–కోటాన్. ఇంకో ఉచ్చు కాలిక్యులేటర్ మీదే ఉంది. sin⁻¹ అని రాసిన బటన్ కోసెక్ కాదు. సైన్ 0.5 అయ్యే కోణమేదని అడిగే విలోమం అది, జవాబు 30 డిగ్రీలు. కోసెక్ 30 కావాలంటే సైన్ 30 నొక్కి, వచ్చిన 0.5తో 1ని భాగించాలి.

ఇప్పుడు మా పిల్ల ప్రశ్నకు వద్దాం. కాట్‌ను 1 బై టాన్ అనడం చాలాచోట్ల సరిపోతుంది. కానీ టాన్‌కే విలువ లేని 90 దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. కాట్‌కు అసలు నిర్వచనం కాస్‌ను సైన్‌తో భాగించడం. టాన్ అంటే సైన్ బై కాస్, 90 దగ్గర అడుగున సున్నా పడుతుంది, అందుకే ఎర్రర్. తిరగేస్తే సున్నా పైకి పోతుంది, అడుగున 1 మిగులుతుంది. భాగహారానికి అడ్డేమీ లేదు.

మే నెలలో వీలుకాకపోతే, హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు మళ్లీ నడినెత్తికి వస్తాడు, మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలు దాటాక. ఒక పైపు నిలబెట్టి కాలిక్యులేటర్‌లో `cos(90) ÷ sin(90)` నొక్కండి. నీడా సున్నా, లెక్కా సున్నా.