రేవులో దెబ్బ, గట్టున చప్పుడు

గుంటూరులో మా పెదనాన్న 43 అంగుళాల కొత్త టీవీ కొన్నారు. బొమ్మ అద్దంలా ఉంది, మాటలే తెలియడం లేదు. "పాటొస్తే ఇల్లెగిరిపోతోందిరా, మాటొస్తే చెవులు రిక్కించాలి" అన్నారు. తప్పు ఆయన చెవులది కాదు. పాత డబ్బా టీవీలో స్పీకర్లు ఎక్కువగా మన వైపు చూస్తూ ఉండేవి. ఇప్పటి పలచటి టీవీల్లో చాలావాటికి అవి కింది అంచునో వెనకనో ఉంటాయి. శబ్దం గోడకు కొట్టుకుని మన దగ్గరికొస్తుంది. స, త, ప లాంటి హల్లుల పదును ఆ దారిలోనే పోతుంది.

నా బల్ల మీది స్పీకర్ల జత పట్టుకెళ్లాను. వీటికి యాంప్లిఫయర్ లోపలే, సాధారణంగా ఒక డబ్బాలోనే ఉంటుంది. రెండోది వైరుతో దాని వెంట నడిచే తోడు మాత్రమే. మామూలు హైఫై స్పీకర్లకైతే యాంప్లిఫయర్ విడిగా కొనాలి. సంగీతం కోసం నేను వాటికే ఓటేస్తాను గానీ, ఆ పెట్టె హాల్లో ఎక్కడ పెడతావన్న దగ్గరే పెద్దమ్మ అడ్డం తిరుగుతుంది.

ముందు బ్లూటూత్‌తో కలిపాను. రెండు నిమిషాల పని. అయితే వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదిలాక మాట వినిపిస్తోంది. టీవీ శబ్దాన్ని కుదించి పంపాలి, స్పీకర్ దాన్ని విప్పాలి, మధ్యలో తెగిపోకుండా కాస్త నిల్వ ఉంచుకోవాలి. మామూలు బ్లూటూత్‌లో ఇదంతా అయ్యేసరికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపట్లో శబ్దం గాలిలో దాదాపు 70 మీటర్లు పోతుంది. చెరువు అవతలి రేవులో బట్ట బండకు తగలడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తుందే, అదే ఇది. పాటలు వినడానికి ఈ ఆలస్యం అడ్డు కాదు. కొన్ని టీవీలు బొమ్మను కూడా ఆపి రెండింటినీ సర్దుతాయి. ఆయనది సర్దలేదు.

తర్వాత అనలాగ్ వైరు: టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్పీకర్ వెనకున్న ఎరుపు, తెలుపు రంధ్రాలకు. ఆలస్యం పోయింది, దాని బదులు "గుంయ్" మంటూ మోత మొదలైంది. సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ వైరు ఊడదీసి చూశాను, మోత ఆగింది. మళ్లీ పెడితే మళ్లీ వచ్చింది. అంటే స్పీకర్‌ది కాదు లోపం. కేబుల్ వైరుకు వీధిలో ఒక ఎర్త్, నా స్పీకర్ మూడు పిన్నుల ప్లగ్గుకు ఇంట్లో ఇంకో ఎర్త్. రెండూ ఆడియో వైరు ద్వారా కలిసి చుట్టు పూర్తయితే అందులో పారే కొద్దిపాటి కరెంటే ఆ మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే మోత పోతుందని ఎవరైనా చెబుతారు. వినకండి, అది షాక్ నుంచి మనల్ని కాపాడేది.

ఈ చుట్టును తెంపేది ఆప్టికల్ కేబుల్. ఇందులో కరెంటు పోదు, వెలుతురు పోతుంది. ఒక కొస టీవీకి పెట్టి రెండో కొస చూస్తే ఎర్రటి చుక్క కనిపిస్తుంది. కొసలకున్న చిన్న ప్లాస్టిక్ టోపీలు తీయకుండా గుచ్చేవాళ్లు చాలామంది, నేనూ ఒకసారి గుచ్చాను. మోత పూర్తిగా పోయింది. కానీ కొన్ని ఛానళ్లలో స్పీకర్లు మూగబోయాయి. టీవీ ఆ ఛానళ్ల శబ్దాన్ని డాల్బీ మూటగా కట్టి పంపుతోంది, ఇలాంటి స్పీకర్లలో చాలావాటికి ఆ మూట విప్పడం రాదు. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను PCM కు మార్చగానే అన్నీ పలికాయి.

ఇక ఒక్కటే మిగిలింది. ఆప్టికల్‌లో టీవీ రిమోట్‌తో సాధారణంగా వాల్యూమ్ మారదు, స్పీకర్ రిమోట్ వేరే. పెదనాన్న రెండు రిమోట్లూ చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టేశారు.

అందుకే చివరికి సౌండ్‌బార్ కొన్నాం. మాటలకోసం మధ్యలో విడి స్పీకర్ ఉండే 3.1 రకం. 2.1 రకంలో అది ఉండదు. HDMI ARC తో కలిపితే టీవీ రిమోటే దానికీ పనిచేస్తుంది. కుడి ఎడమల ఎడం మాత్రం దానికి తక్కువ. రెండు స్పీకర్లను దూరదూరంగా పెడితే వచ్చే విశాలత పొడుగాటి డబ్బా ఒక్కటీ ఇవ్వలేదు. అవి నా బల్ల మీదికే తిరిగొచ్చాయి. కంప్యూటర్‌కు అనలాగ్ వైరుతో, చెవికి చేయిచాపు దూరంలో హాయిగా పాడుతున్నాయి.

మీరూ కొనబోతుంటే ముందు టీవీ వెనక చూడండి. ARC అని రాసి ఉన్న రంధ్రం సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అందులో ఇప్పటికే సెట్‌టాప్ బాక్స్ వైరు ఉంటే, దాన్ని పక్క రంధ్రానికి మార్చండి.