జిరాక్స్ వద్దు, ఫైలే కావాలి

తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి, ఇందిరమ్మ ఇళ్లకు పేర్లు వచ్చినవారి జాబితాలు చదివారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారిది ఒక జాబితా, జాగా కూడా లేనివారిది మరొకటి. ఇలాంటి జాబితా ఊళ్లోకి వచ్చిందంటే ప్రశ్నలన్నీ పంచాయతీ కార్యదర్శి మీదికే వస్తాయి. నా పేరెందుకు లేదు, ఆయనకు ఇల్లుంది కదా, ఆ ఇంట్లో ఇద్దరికెలా వచ్చింది అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పాల్సిన మనిషి చేతిలో తరచూ ఉండేది మండల పరిషత్ కార్యాలయం నుంచి వచ్చిన జిరాక్స్ కట్ట.

జిరాక్స్‌కు జిరాక్స్ తీసేకొద్దీ మూడు ఎనిమిదిలా కనబడుతుంది, అంచున ఉన్న గడి సగం కోసుకుపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, కాగితాన్ని వెతకలేం. ఉదాహరణకు ఒక ఊరి జాబితాలో 212 పేర్లున్నాయనుకుందాం. 47వ వరుసలో ‘జి. లక్ష్మి’, 163వ వరుసలో ‘గు. లక్ష్మమ్మ’. ఇద్దరూ ఒకే మనిషా, ఒకే ఇంటి అత్తాకోడళ్లా, అసలు సంబంధమే లేనివారా? వరుసలు ఎక్కడెక్కడో ఉన్నాయి కాబట్టి పేజీలు తిప్పే కంటికి ఆ అనుమానమే రాదు. అదే ఎక్సెల్ ఫైలులో ఆహార భద్రత కార్డు నంబర్లు C గడిలో ఉంటే, పక్క గడిలో ఈ సూత్రం రాసి కిందిదాకా లాగితే చాలు:

```
=COUNTIF(C:C,C2)
```

ఒకటి కంటే ఎక్కువ వచ్చిన చోట ఆ కార్డు మళ్లీ వచ్చిందని అర్థం. అంతమాత్రాన అది మోసమని కాదు. ఒకే కుటుంబం రెండు దరఖాస్తులు పెట్టి ఉండవచ్చు, నమోదు చేసినవారు నంబరు తప్పు కొట్టి ఉండవచ్చు. ఏ గడప దగ్గరికి వెళ్లి విచారించాలో మాత్రం తెలుస్తుంది. పేర్లను పోల్చి ఈ పని చేయలేం. ఇంగ్లిషులో లక్ష్మిని Laxmi అనీ Lakshmi అనీ రాస్తారు, ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. నంబరే ఆధారం.

అందుకే ఎంపీడీఓ గారికి రాసే ఉత్తరంలో ‘జాబితా సాఫ్ట్ కాపీ పంపగలరు’ అని ఊరుకుంటే లాభం లేదు. అదే జిరాక్స్‌ను స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపేస్తారు. అదీ బొమ్మే. ఉత్తరంలో అసలు భాగం ఇలా ఉండవచ్చు:

‘మా గ్రామానికి సంబంధించిన లబ్ధిదారుల జాబితాను విచారణ నిమిత్తం ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగా కార్యాలయ మెయిల్‌కు పంపవలసిందిగా కోరుతున్నాను. దరఖాస్తు నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, ఆహార భద్రత కార్డు నంబరు, ప్రస్తుత స్థితి వేర్వేరు గడుల్లో ఉండాలి. తెలుగు పేర్లు యూనికోడ్‌లో ఉండాలి. జాబితా ఏ తేదీ నాటిదో, మొత్తం వరుసలెన్నో తెలియజేయగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అవసరం లేదు.’

యూనికోడ్ అని పట్టుబట్టడానికి కారణముంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు మరో కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా తెరుచుకుంటుంది. ఆధార్ వద్దనడమూ కావాలనే. గోడకు అంటించే జాబితాలోకి ఆ నంబరు పొరపాటున కూడా ఎక్కకూడదు. అసలు అడగకపోతే ఆ ప్రమాదమే ఉండదు.

కార్యాలయం వెనకాడేది సంతకం, ముద్ర గురించి. ఫైలును ఎవరైనా మార్చేస్తే ఎలా అన్నది న్యాయమైన భయమే. సంతకం చేసిన కాగితమే ప్రమాణం, ఫైలు పని కోసం అని ఉత్తరంలోనే రాసిస్తే అది తీరుతుంది. చట్టం దారి కూడా ఇటే. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను అడగకుండానే వెల్లడించమంటుంది. 7(9) ప్రకారం, కార్యాలయ వనరులపై మోయలేని భారం పడితేనో, ఆ రికార్డు భద్రతకు ముప్పయితేనో తప్ప, సమాచారం అడిగిన రూపంలోనే ఇవ్వాలి. అది పౌరుడి హక్కు. కార్యదర్శి ఆర్టీఐ దరఖాస్తు పెట్టనక్కరలేదు, మామూలు ఉత్తరం సరిపోతుంది. పౌరుడికి ఇవ్వదగిన రూపాన్ని సొంత ఉద్యోగికి నిరాకరించడంలో అర్థం లేదు.

ఫైలు వచ్చాక ఒక జాగ్రత్త తప్పనిసరి. మన ఇంటి నంబర్లు 3-12, 4-5 లాగా ఉంటాయి. సీఎస్‌వీని నేరుగా రెండు నొక్కులతో తెరిస్తే ఎక్సెల్ వాటిని తేదీలనుకుని 3-12ను డిసెంబరు 3గా మార్చేస్తుంది. ఆ తర్వాత గడిని టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, ఏదో అయిదంకెల సంఖ్య కనబడుతుంది. అలా పాడైన ఫైలును సరిదిద్దుతూ కూర్చోకుండా మెయిల్‌లోని అసలు ఫైలునే మళ్లీ తీసుకోవాలి. ఖాళీ ఎక్సెల్ షీటు తెరిచి, డేటా మెనూలోంచి ఫైలును దిగుమతి చేసి, ఇంటి నంబరు గడిని ముందే టెక్స్ట్ అని ఎంచుకోవాలి. తర్వాత వరుసలు లెక్కించి ఉత్తరంలో చెప్పిన మొత్తంతో, సంతకమున్న కాగితంలోని చివరి క్రమసంఖ్యతో సరిచూడాలి. కాగితంలో 212, ఫైలులో 209 ఉంటే విచారణ మొదలుపెట్టకూడదు. ఆ మూడు పేర్లేవో మండలాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే ఇంటింటికీ బయల్దేరాలి.