నాలుగో బెంచీ నుంచి రెండో బెంచీకి

(బడుల్లో పిల్లల వినికిడి పరీక్షించే ఒక ఆడియాలజిస్టు, నాలుగో తరగతి చదివే పాప తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం ఇది. పాప ఎవరో తెలిసే వివరాలు తీసేశాం.)

పాప అమ్మగారికి, నాన్నగారికి నమస్కారం.

మొన్న పరీక్ష అయ్యాక మీతో పది నిమిషాలకు మించి మాట్లాడలేకపోయాను. వెళ్లేటప్పుడు అమ్మగారు గుమ్మం దగ్గర ఆగి, "వంటింట్లోంచి చాక్లెట్ అని మెల్లగా అన్నా పరిగెత్తుకొస్తుందండీ, దీనికి వినపడకపోవడమేంటి?" అన్నారు. ఆ ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీ చేతిలో ఉన్న కాగితం సంగతి. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం రంగు ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గుర్తు ఎంత కిందికి దిగితే, ఆ శబ్దం వినపడడానికి అంత గట్టిగా మోగించాల్సి వచ్చిందని అర్థం. పాపకు కుడి చెవి సగటు 25 డెసిబెల్స్, ఎడమ చెవి సగటు 30. దీన్ని చూసి నాన్నగారు "అంటే 30 శాతం పోయినట్టా?" అని అడిగారు. కాదండీ. డెసిబెల్ శాతం కాదు, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. ఈ వయసు పిల్లలు మామూలుగా 15, 20 లోపు శబ్దాన్ని కూడా పట్టుకుంటారు. మీ పాపకు అంతకంటే కొంచెం గట్టిగా ఉండాలి. దీన్నే తేలికపాటి వినికిడి లోపం అంటాం.

చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి ఇంకో పరీక్ష చేశాను, గుర్తుందా? ఆ పరికరం బయటి చెవినీ మధ్య చెవినీ దాటుకుని శబ్దాన్ని నేరుగా లోపలి చెవికి పంపుతుంది. గులిమి అడ్డం పడితేనో, కర్ణభేరి వెనక నీరు చేరితేనో ఆ దారిలో బాగా వినపడి, హెడ్‌ఫోన్స్‌లో తగ్గాలి. పాపకు రెండు దారుల్లోనూ ఒకేలా వచ్చింది. కర్ణభేరి కదలికను చూసే పరీక్ష కూడా మామూలుగానే ఉంది. అంటే తేడా లోపలి చెవిలో ఉంది. ఇలాంటి లోపం మందులతో పోదు. అమ్మమ్మగారు వెచ్చటి నూనె వేద్దామన్నారట. దయచేసి వద్దని చెప్పండి. నూనె లోపలి చెవిదాకా చేరదు, పైగా చెవి లోపల చర్మం పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు చాక్లెట్ సంగతి. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, వంటింటికీ పాపకూ మధ్య నాలుగైదు అడుగులే దూరం, మాట తనకు బాగా తెలిసినది, దాని కోసం ఎదురుచూస్తూ కూడా ఉంటుంది. సగం వినపడితే చాలు, మిగతా సగం మనసే పూరించుకుంటుంది. తరగతిలో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. మాట కొత్తది, దూరం ఎక్కువ, చప్పుడు ఎక్కువ, ఏ మాట వస్తుందో ముందుగా తెలియదు.

పాప లోపంలో ఇంకో చిక్కు ఉంది. అచ్చులు, మ, న లాంటి అక్షరాలు బరువుగా, గట్టిగా పలుకుతాయి. అవి పాపకు బాగానే అందుతాయి. స, శ, త, ప, క లాంటివి సన్నగా, క్షణంలో పలికి పోతాయి. అందువల్ల పాపకు గొంతు వినపడుతుంది, మాట తెలియదు. టీచర్ ఇచ్చిన డిక్టేషన్ పుస్తకం మీరూ చూడండి. "తోట" అని చెబితే "కోట" అని రాసింది. "పాలు" అన్నచోట "కాలు" ఉంది. టీచర్ ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని రాశారు. నా దృష్టిలో ఆ తప్పులు శ్రద్ధ లేక చేసినవి కావు. అచ్చు సరిగ్గా విని, హల్లును ఊహించి రాసినవి. శ్రద్ధ లేని పిల్లల తప్పులు ఇలా ఒకే దారిన నడవవు.

ఒక చిన్న పని చేసి చూడండి. రెండు చూపుడువేళ్లూ చెవుల్లో గట్టిగా పెట్టుకుని, ఫ్యాను వేసి, గదికి ఆ చివర్న నిలబడి టీవీ వార్తలు వినండి. పాప లోపానికి ఇది దాదాపు దగ్గరగా ఉంటుంది. పది నిమిషాల్లో అలిసిపోతారు. పాప ఆరు గంటలు అలా విని ఇంటికొస్తుంది. సాయంత్రం బ్యాగు విసిరేసి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటుందని అన్నారే, అందుకు ఇదీ ఒక కారణమని నాకనిపిస్తోంది.

ఇక తరగతి గది గురించి. గత గురువారం శబ్దం కొలిచే మీటర్ పట్టుకుని ఆ గదిలో ఒక పూట కూర్చున్నాను. నల్లబల్ల వైపు చూస్తే కుడివైపు గోడకు కిటికీలు, వాటి అవతల ఆటోలు తిరిగే రోడ్డు. ఎడమవైపు ఖాళీ గోడ. పాప చోటు నాలుగో బెంచీలో, కిటికీ పక్కన, పైన గరగరమనే ఫ్యాను. టీచర్ గొంతు ఆవిడకు ఒక మీటరు దూరంలో 66 డెసిబెల్స్ ఉంటే, పాప చోటుకు వచ్చేసరికి 56 అయింది. అదే చోట ఫ్యానూ రోడ్డూ కలిసి 54. అంటే చప్పుడు కంటే మాట రెండే రెండు డెసిబెల్స్ పైన ఉంది. తరగతిలో మాట చప్పుడు కంటే 15 డెసిబెల్స్ పైన ఉండాలన్నది మా వృత్తిలో అందరం పట్టుకునే లెక్క. పెద్దవాళ్లం తక్కువలోనైనా నెట్టుకొస్తాం. మనకు భాష వచ్చేసింది కాబట్టి తెగిన మాటను అతికించుకుంటాం. పిల్లలు ఆ భాషను ఆ గదిలోనే నేర్చుకుంటున్నారు.

మీరు మొదటి బెంచీ అడిగారు. చాలామంది అదే అడుగుతారు. నేను రెండో బెంచీ అడిగాను, అందులోనూ ఎడమ గోడ వైపు బెంచీ, దానికి కుడి చివర. కారణం చెబుతాను. అక్కడ కూర్చుంటే కాస్త మెరుగైన కుడి చెవి టీచర్ వైపు ఉంటుంది. రోడ్డు దూరమవుతుంది. కుడి కిటికీల వెలుతురు టీచర్ ముఖం మీద పడుతుంది కాబట్టి పెదాలు స్పష్టంగా కనిపిస్తాయి. పాప తనకు తెలియకుండానే పెదాలను చూసి సగం మాటలు పట్టుకుంటోంది. మొదటి బెంచీలో ఐతే తల ఎత్తి చూడాలి, వెనక పిల్లలు చెప్పే జవాబులు అసలు అందవు. రెండో బెంచీ పక్కనుంచి కొంచెం తిరిగితే తరగతిలో చాలామంది ముఖాలు కనిపిస్తాయి. చదువు సగం టీచర్ నోటినుంచి వస్తే, సగం తోటిపిల్లల నోటినుంచే వస్తుంది కదా.

పాప మాత్రం స్నేహితురాల్ని వదిలి రానంది. ఆ స్నేహితురాల్ని కూడా అదే బెంచీకి, పాపకు ఎడమవైపు, గోడ పక్కకు మార్పించాను. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, శిక్షలా తోచిన చోట ఏ పిల్లా వారం కూడా కూర్చోదు.

కొత్త చోట కొలిస్తే మాట 61, చప్పుడు 50. తేడా 11. బడివాళ్లు ఆ రెండు రోజుల్లోనే ఫ్యానుకు బేరింగ్ మార్పించారు, చప్పుడు 47కి దిగింది. ఇప్పుడు తేడా 14. టీచర్‌తో ఇరవై మాటలు చదివించి పాపను రాయమన్నాం. పాత చోట పదమూడు సరిగ్గా రాసింది, కొత్త చోట వేరే ఇరవై మాటలిస్తే పద్దెనిమిది. ఒక్కసారి చేసిన పరీక్ష కాబట్టి దీన్నే చివరి మాట అనుకోవద్దు. నెల తర్వాత మళ్లీ చేస్తాను.

చోటు మార్పు చేయలేని పనులూ ఉన్నాయి. టీచర్ నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే రెండో బెంచీ కూడా దూరమే. గది వెనక్కి నడుస్తూ చెప్పినా అంతే. అందుకని టీచర్‌గారిని రెండే కోరాను: రాయడం ఆపి ఇటు తిరిగాక చెప్పమన్నాను, వెనక బెంచీల పిల్లలు చెప్పిన జవాబును తాను ఒకసారి మళ్లీ అనమన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. "అర్థమైందా?" అని అడిగితే ఏ పిల్లైనా తల ఊపేస్తుంది. అందుకే "ఏం చేయమన్నాను, చెప్పు" అని అడగమన్నాను. ఇంట్లో మీరూ అలాగే అడగండి.

నా అనుభవంలో ఈ ఏర్పాటు ఎక్కువగా చెడేది సోమవారం. చాలా బడుల్లో వారానికోసారి బెంచీలు మారుస్తారు. అది మంచి అలవాటే, కానీ రెండో వారానికల్లా పిల్ల మళ్లీ ఫ్యాను కింద తేలుతుంది. ఒక టీచర్ సెలవు పెట్టి ఇంకొకరు వచ్చినా ఇదే జరుగుతుంది. హాజరు పట్టీ అట్ట లోపల పాప చోటు గీసిన కాగితం అతికించి వచ్చాను. సోమవారం సాయంత్రం "ఈరోజు ఎక్కడ కూర్చున్నావమ్మా?" అని ఒక్కమాట అడగండి. సాయంత్రం ట్యూషన్‌లో కూడా చూడండి. అక్కడ కింద చాప మీద, టేబుల్ ఫ్యాను పక్కన కూర్చుంటే బడిలో చేసినదంతా వృథా.

వినికిడి యంత్రం గురించి అడిగారు. చెవి డాక్టరుగారితో కూడా మాట్లాడాక, కొన్ని వారాలు పెట్టి చూద్దామనే నా సలహా. యంత్రం సన్నని అక్షరాలను అందిస్తుంది, కాని ఫ్యానును కూడా పెంచుతుంది, కనుక చోటు అవసరం పోదు. సదరం సర్టిఫికెట్‌కి తిరగాల్సిన పని లేదు. 2016 నాటి చట్టం ప్రకారం వినికిడి వైకల్యం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ దగ్గర మొదలవుతుంది. మీ పాప అందులోకి రాదు, అందుకే సర్టిఫికెట్ మీద ఇచ్చే ఉచిత యంత్రమూ రాదు. యంత్రం కొనాల్సి వస్తే ఆ ఖర్చు మీదే అవుతుంది, ముందే చెప్పడం మంచిదని చెబుతున్నాను. బెంచీ మార్చడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

ఆరు నెలలకోసారి మళ్లీ పరీక్షిద్దాం, నిలకడగా ఉంటే తర్వాత ఏడాదికోసారి చాలు. ఈలోగా జలుబు చేసి, టీవీ సౌండు ఎప్పటికంటే ఎక్కువ పెడుతుంటే ఆగవద్దు. మధ్య చెవిలో నీరు చేరితే ఉన్న లోపానికి ఇంకొంత తోడై, తేలికపాటిది కాకుండా పోతుంది. ఇప్పుడు టీవీ మీద ఏ అంకె దగ్గర పెట్టుకుంటోందో రాసి ఉంచండి, అప్పుడు పోల్చి చూడవచ్చు.

వచ్చే గురువారం తొమ్మిదిన్నరకు నేను బడిలో ఉంటాను. ఇద్దరూ రండి. పిల్లలు ప్రార్థనలో ఉండగా, ఫ్యాను వేసి, మీ ఇద్దర్నీ ముందు నాలుగో బెంచీలో, తర్వాత రెండో బెంచీలో కూర్చోబెట్టి ఆ ఇరవై మాటలూ చదువుతాను. చెవుల్లో పెట్టుకోవడానికి స్పాంజి బిరడాలు నేనే తెస్తాను. మీరు పెన్ను, కాగితం తెచ్చుకోండి.

ఇట్లు,
మీ పాప బడి ఆడియాలజిస్టు