పూర్తయిన స్క్రిప్టు నుంచి టైముతో షాట్ లిస్టు: ఇద్దరే ఉంటే జీవామృతం వీడియో ఎలా తీయాలి?



మన రైతుల్లో చాలామంది ఇప్పుడు తమ పొలంలో చేసే పనిని ఫోనుతో వీడియో తీసి నలుగురికీ చూపిస్తున్నారు. స్క్రిప్టు కూడా చక్కగా రాసుకుంటున్నారు. కానీ స్క్రిప్టు కాగితం పట్టుకుని నేరుగా పొలానికి వెళితే, ఎడిటింగులో కూర్చున్నప్పుడు ఒక ఇబ్బంది బయటపడుతుంది. మాట ఉంటుంది, దానికి తగిన బొమ్మ ఉండదు. మళ్లీ తీద్దామంటే అప్పటికే బెల్లం, పిండి అన్నీ డ్రమ్ములో కలిసిపోయి ఉంటాయి. అందుకే స్క్రిప్టుకీ షూటింగుకీ మధ్యలో షాట్ లిస్టు అనే కాగితం ఇంకోటి కావాలి. 200 లీటర్ల ద్రవజీవామృతం తయారీనే ఉదాహరణగా తీసుకుని ఆ కాగితం ఎలా రాసుకోవాలో చూద్దాం. ఒకరు చేసి చూపిస్తూ మాట్లాడతారు, ఇంకొకరు ఫోను పట్టుకుంటారు. ఉన్నది ఆ ఇద్దరే.

ముందు మాటకు టైము కట్టండి

స్క్రిప్టును మనసులో చదివితే టైము తెలియదు. ఎవరు మాట్లాడతారో వాళ్లే, రైతుతో మాట్లాడినట్టు నిదానంగా, గట్టిగా చదవాలి. రెండోవారు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ప్రతి పేరా పక్కన సెకన్లు రాయాలి. మన ఉదాహరణలో లెక్క ఇలా వచ్చిందనుకుందాం:

- పరిచయం: 20 సెకన్లు
- కావలసిన పదార్థాలు: 40
- నీడలో డ్రమ్ము, నీళ్లు: 25
- ఒక్కొక్కటి కలపడం: 75
- కర్రతో తిప్పడం: 30
- గోనెసంచి కప్పి 48 గంటలు ఉంచడం: 30
- తయారైందని గుర్తుపట్టడం: 30
- ఎకరానికి ఎంత, ఎలా వాడాలి: 35
- ముగింపు: 15

మొత్తం 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. ఈ 300 సెకన్లలో ప్రతి సెకనుకీ ఒక బొమ్మ ఉండాలి. షాట్ లిస్టు చేసే పని అదే.

చేసే పనికి వేరే టైము ఉంటుంది

చాలామంది వదిలేసే మెట్టు ఇది. మాట పట్టే టైము, చేతి పని పట్టే టైము ఒకటి కావు. పిండి గురించి స్క్రిప్టులో 20 సెకన్ల మాట ఉంది. 2 కిలోల శనగపిండి డ్రమ్ములో గుమ్మరించడానికి అంతసేపు పట్టదు. మాట ఇంకా నడుస్తుంటే బొమ్మ అయిపోతుంది. బెల్లం దగ్గర దీనికి రివర్సు. మాట 15 సెకన్లే, కానీ 2 కిలోల బెల్లం పగలగొట్టి నీళ్లలో కరిగించాలంటే నిమిషాలు పడుతుంది.

కాబట్టి ప్రతి పనినీ ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసి, మాట సెకన్ల పక్కన పని సెకన్లు కూడా రాయండి. పని తక్కువైన చోట ఇంకో షాట్ జోడించాలి. పిండిని నేరుగా పోస్తే ఉండలు కడుతుంది కదా, ముందు చిన్న బకెట్లో కొద్ది నీళ్లతో జారుగా కలుపుతాం. ఆ కలిపే చేయి దగ్గరగా ఒక షాట్, డ్రమ్ములో పోయడం ఒక షాట్ తీస్తే 20 సెకన్లూ నిండుతాయి. పైగా చూసే రైతుకు ఉపయోగపడే విషయం కూడా కనబడుతుంది. పని ఎక్కువైన చోట మొదలు ఒకటి, చివర ఒకటి తీస్తే చాలు. బెల్లం ముక్క నీళ్లలో పడటం, తర్వాత కరిగిన పాకం డ్రమ్ములోకి పోయడం. మధ్యలో కరిగేంతసేపు ఫోను ఆపేయొచ్చు.

ప్రతి షాట్‌నూ మూడు రకాల్లో ఒకదానిలో వేయండి

ఇద్దరే ఉన్నప్పుడు అసలు సమస్య చేతులు. పేడ కలిపిన చేత్తో ఫోను ముట్టుకోలేం, మైకు సర్దుకోలేం. అందుకే లిస్టులో ప్రతి షాట్ పక్కన ఒక గుర్తు పెట్టండి.

మొదటిది ముఖం షాట్. మనిషి కెమెరా వైపు చూసి మాట్లాడతాడు, కాలరు మైకు ఉండాలి, ఇద్దరూ కావాలి. ఇలాంటివి మన స్క్రిప్టులో 3 ఉన్నాయి: పరిచయం, వాడకం గురించి చెప్పే మాట, ముగింపు. ఒక్కొక్కదానికి 10 నిమిషాలు కేటాయించండి. మైకు పెట్టడం, నిలబడే చోటు చూసుకోవడం, రెండుమూడు సార్లు చెప్పడం, అన్నీ అందులోనే.

రెండోది చేతుల షాట్. ఇందులో మాట అక్కర్లేదు, మాట తర్వాత ఇంట్లో కూర్చుని రికార్డు చేసి వేసుకుంటాం. పేడ, మూత్రం, బెల్లం, పిండి, గట్టు మట్టి కలపడం 5, తిప్పడం, కప్పడం, రెండు రోజుల డ్రమ్ము తెరవడం, వడకట్టడం, కాలువ నీటిలో కలపడం, మొత్తం 10. ఒక్కొక్కదానికి 6 నిమిషాలు.

మూడోది వస్తువు షాట్. ఫోను పట్టిన మనిషి ఒక్కడే తీసుకోగలడు. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం, పిండి, గుప్పెడు మట్టి, నీళ్లు ఇవి 6, నీడలో డ్రమ్ము ఒకటి, బుడగలు దగ్గరగా ఒకటి, మొత్తం 8. ఒక్కొక్కదానికి 3 నిమిషాలు.

ఇప్పుడు కూడండి: 30, 60, 24 కలిపితే 114 నిమిషాలు. చోటు మారడం రెండుసార్లు, పదేసి నిమిషాలు వేసుకుంటే 134. అంటే 5 నిమిషాల వీడియోకు ఇంచుమించు రెండుంపావు గంటల పని.

స్క్రిప్టు వరుస కాదు, పొలం వరుస

ఇక షాట్లను తీసే వరుసలో పెట్టాలి. దీన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి.

ఒకటి, బట్టలు, చేతులు. ముగింపు మాట స్క్రిప్టులో చివర ఉన్నా, పేడ ముట్టుకోకముందే ముఖం షాట్లు మూడూ తీసేయాలి. అలా చేస్తే మైకు పని కూడా ఒక్కసారితో అయిపోతుంది. బోరు మోటారు నడిచే టైము ముందే కనుక్కుని ఈ షాట్లను దానికి దూరంగా పెట్టండి. చేతుల షాట్లకు మోటారు మోత ఉన్నా ఫరవాలేదు.

రెండు, మళ్లీ తీయలేనివి. డ్రమ్ములో పడింది తిరిగి రాదు. ఆ 5 షాట్లూ కలిపే వరుసలోనే తీయాలి, ఒకటి తీశాక చూసుకున్నాకే రెండోదానికి వెళ్లాలి. లిస్టులో ఆ షాట్ల పక్కన 'చూసి ముందుకు' అని రాసుకోండి. ఫోను పట్టిన తమ్ముడు "ఆగన్నా, ఒకసారి చూస్తా" అనాలి, చూసి "సరే, కానివ్వు" అన్న తర్వాతే అన్న తర్వాతి పదార్థం చేతిలోకి తీసుకోవాలి. నీళ్ల మట్టం కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. 200 లీటర్ల డ్రమ్ము ముందే నిండా నింపితే పేడ, మూత్రం పోసేసరికి పొర్లిపోతుంది. 170 లీటర్ల దాకా నింపి, అన్నీ కలిపాక మిగతాది నింపుతాం.

మూడు, 48 గంటలు. ఈ రోజు కలిపిన డ్రమ్ములో బుడగలు ఈ రోజు రావు. ఆదివారం ఉదయం షూటింగు అయితే శుక్రవారం ఉదయమే ఇంకో డ్రమ్ము కలిపి పెట్టుకోవాలి, పొద్దున సాయంత్రం తిప్పుతూ ఉండాలి. ఆదివారం ఆ డ్రమ్మును చూపించేటప్పుడు 'ఇది రెండు రోజుల ముందు కలిపింది' అని మాటలో చెప్పాలి. ఆ మాటకు పట్టే సెకన్లు కూడా స్క్రిప్టులో లెక్క వేసుకోండి.

గడియారం పెట్టిన లిస్టు

ఎండ ముదిరేలోపు అయిపోయేలా 6:30కి మొదలుపెడితే లిస్టు ఇలా ఉంటుంది:

- 6:30 – 6:50: తమ్ముడు పాకలో 6 పదార్థాల వస్తువు షాట్లు తీస్తాడు. అదే సమయంలో అన్న డ్రమ్ములో నీళ్లు నింపుతాడు.
- 6:50 – 7:20: గట్టు మీద 3 ముఖం షాట్లు. తర్వాత మైకు తీసేయాలి.
- 7:20 – 7:30: నీడలో ఉన్న డ్రమ్ము దగ్గరికి.
- 7:30 – 8:00: కలపడం 5 షాట్లు, చూసి ముందుకు.
- 8:00 – 8:12: తిప్పడం, గోనెసంచి కప్పడం.
- 8:12 – 8:15: తమ్ముడు నీడలో డ్రమ్ము దూరం నుంచి తీస్తాడు. అన్న చేతులు కడుక్కుంటాడు.
- 8:15 – 8:24: శుక్రవారం డ్రమ్ము తెరవడం, బుడగలు దగ్గరగా.
- 8:24 – 8:34: కాలువ దగ్గరికి.
- 8:34 – 8:46: వడకట్టడం, పారే నీటిలో కలపడం.

ఒకరు నీళ్లు నింపుతున్నప్పుడో, చేతులు కడుక్కుంటున్నప్పుడో రెండోవారు ఖాళీగా నిలబడకుండా అక్కడ వస్తువు షాట్ పెట్టాం చూడండి. వస్తువు షాట్లన్నీ ఒకేచోట పెడితే ఈ వెసులుబాటు పోతుంది.

ప్రతి షాట్ పక్కన మూడు వివరాలు మాత్రం రాయండి: ఏ పేరా మాటకు, ఎన్ని సెకన్లు, దూరమా దగ్గరా. తీసేటప్పుడు లిస్టులో రాసిన సెకన్లకు ముందు 5, వెనక 5 సెకన్లు ఫోను కదపకుండా ఆడించండి. కత్తిరించుకోవడానికి ఆ చోటు కావాలి. ప్రతి షాట్ మొదట్లో తమ్ముడు నెంబరు గట్టిగా చెప్పాలి, "షాట్ పన్నెండు" అని. సాయంత్రం ఫోనులో గుట్టగా పడి ఉన్న క్లిప్పుల్లో వెతుక్కునే పని తప్పుతుంది.

ఆలస్యమైతే ఏది వదలాలి?

ఇది పొలంలో నిలబడి తేల్చుకునే విషయం కాదు, ముందురోజు రాత్రే లిస్టులో రాసుకోవాలి. కలిపే 5 షాట్లు, శుక్రవారం డ్రమ్ము తెరవడం, బుడగలు: ఇవి తప్పనిసరి. కాలువ, వడకట్టడం షాట్లు సాయంత్రమైనా తీసుకోవచ్చు, అందుకే చివర పెట్టాం. దూరం నుంచి డ్రమ్ము షాట్ లేకపోయినా నడుస్తుంది. 7:30కి మొదటి పేడ షాట్ మొదలుకాకపోతే వెనకబడ్డారని అర్థం. అప్పుడు తప్పనిసరి గుర్తున్నవే తీసుకుంటూ పోండి.

చివరిగా బయల్దేరేముందు చేసే పరీక్ష ఒకటుంది. షాట్ లిస్టులో రాసిన సెకన్లన్నీ పేరాల వారీగా కూడండి. పదార్థాలకు మాట 40 సెకన్లు, 6 షాట్లకు ఏడేసి సెకన్లు అంటే 42, సరిపోయింది. నీడ, నీళ్ల పేరాకు మాట 25 సెకన్లు, కానీ దాని కింద నీడలో డ్రమ్ము షాట్ ఒక్కటే ఉంది. అన్నిసెకన్లు ఒకే కదలని బొమ్మ చూడటం కష్టం. కాబట్టి 6:30కి అన్న నీళ్లు నింపేటప్పుడు, పైపు నుంచి నీళ్లు పడే షాట్ ఒకటి తమ్ముడి లిస్టులో చేర్చాలి. మరో 3 నిమిషాలు పడుతుంది, మిగతావన్నీ అంతమేర వెనక్కి జరపాలి. ఇలాంటి ఖాళీ కాగితం మీద దొరికితే పెన్సిలుతో సరిపోతుంది.

ఈ వ్యాసంతో పాటు ఇచ్చిన వీడియో చూసేటప్పుడు ఈ లిస్టు పక్కన పెట్టుకుని ఏ బొమ్మ ఏ రకం షాటో గుర్తుపెట్టి చూడండి. ఘనజీవామృతం, నీమాస్త్రం లాంటి వాటికి మీరు రాసుకున్న లిస్టులు కామెంట్లలో పెట్టండి, అందరం చూసుకుందాం.