చెయ్యి కాలాక తెలిసిన సంగతి

నిరుడు ఎండాకాలం మా సర్వర్ గదిలో ఒక ర్యాక్ నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది. ఎనిమిది సర్వర్లు, వాటిపైన ఒక స్విచ్, మధ్యలో రెండేసి మీటర్ల కేబుళ్లు, 10 గిగాబిట్ల వేగం. పొద్దున అంతా సవ్యంగా ఉండేది. మధ్యాహ్నం దాటితే ఏదో ఒక లింకు పడిపోయి, కాసేపటికి తనంతట తనే లేచేది. కేబుళ్లన్నీ మార్చి చూశాం, గుణం కనిపించలేదు. ఆఖరికి స్విచ్‌లోంచి ఒక మాడ్యూల్ పీకబోతే వేలు చురుక్కుమంది.

అవి కాపర్ మాడ్యూళ్లు, అంటే మామూలు నెట్ కేబుల్ గుచ్చుకునేవి. ఆ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. ప్రతి జత మీదా డేటా ఒకేసారి రెండు వైపులా నడుస్తుంది. తను పంపిన సిగ్నల్ ప్రతిధ్వనిని తీసేసి అవతలివాళ్ల మాట మాత్రమే వినడానికి మాడ్యూల్‌లోని చిప్ నిరంతరం లెక్కలు కడుతూ ఉండాలి. ఆ లెక్కలకే ఒక్కో మాడ్యూల్ సుమారు 2.5 వాట్లు తింటుంది. స్విచ్‌లోని ఆ గూడు మామూలుగా తట్టుకునేది వాటు, వాటున్నర. అలాంటివి ఎనిమిది పక్కపక్కనే కూర్చుంటే ఇంకేముంది!

ఫైబర్ మాడ్యూల్ వేడి తక్కువే, వాటుకు లోపు. 300 మీటర్ల దాకా పోగలదు. కానీ రెండు మీటర్ల కోసం కరెంటును వెలుగుగా మార్చి, మళ్లీ కరెంటుగా మార్చడం నాకు దండగ అనిపిస్తుంది. పైగా కొనకు దుమ్ము అంటితే అదో తలనొప్పి.

డైరెక్ట్ అటాచ్ కేబుల్‌కు ఆ బాదరబందీ లేదు. రెండు కొనలకూ మాడ్యూల్ ఆకారపు తలలు అతికించే వస్తాయి. పోవడానికి ఒక జత, రావడానికి ఒక జత, అంతే. పాసివ్ రకమైతే ఒక్కో కొన తినేది దాదాపు వాటులో పదో వంతు.

దీనికీ కొన్ని చిక్కులున్నాయి. అయిదారు మీటర్లు దాటితే నమ్మలేం. పొడవు ముందే కొలిచి కొనాలి. ఒక తల పాడైతే కేబుల్ మొత్తం పారేయాలి. ఇంకోటి, తలలో తయారీదారు పేరు రాసిన చిన్న చిప్ ఉంటుంది. ఆ పేరు నచ్చకపోతే కొన్ని స్విచ్‌లు పోర్టు తెరవవు. స్విచ్ ఒక కంపెనీది, కార్డు ఇంకొకరిది అయితే రెండు తలల్లో రెండు పేర్లు రాసిన కేబుల్ అడిగి తెప్పించుకోవాలి. చిప్‌లో ఏముందో లినక్స్‌లో ఇలా చూడొచ్చు:

```
ethtool -m enp1s0f0
```

`Connector` దగ్గర `Copper pigtail` అని, `Vendor name` దగ్గర తయారీదారు పేరు కనిపిస్తాయి.

ఏడు సర్వర్లకు ఈ కేబుళ్లే వేశాం. ఎనిమిదోదానికి నెట్ కేబుల్ సాకెట్ తప్ప వేరే దారి లేదు. దాని కాపర్ మాడ్యూల్‌ను స్విచ్‌లో చిట్టచివరి గూట్లో పెట్టి, పక్క గూడు ఖాళీగా వదిలేశాం.